నాలుగు లేన్లు వద్దని మూడు నిమిషాల్లో చెప్పడం

ప్రశ్న: డాలస్‌కి ఉత్తరాన ఒక చిన్న సిటీలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. గుంటూరు జిల్లాలో టీచరుగా చేసి రిటైరయ్యాను. గ్రీన్‌కార్డు ఉంది. ఏడేళ్ళ మనవరాలిని స్కూలుకి నడిపించి తీసుకెళ్ళేది నేనే. దారిలో ఒక రెండు లేన్ల రోడ్డు దాటాలి. దాన్ని నాలుగు లేన్లు చేస్తామని సిటీ వాళ్ళు నోటీసు ఇచ్చారు. లేన్ 12 అడుగులు, మధ్యలో 16 అడుగుల మీడియన్, అంటే డివైడర్. ఇప్పుడు రోజుకి 11,800 బళ్ళు తిరుగుతున్నాయని, ఇరవై ఏళ్ళకి 14,000 అవుతాయని రిపోర్టులో ఉంది. థరోఫేర్ ప్లాన్ మార్చడానికి వచ్చే నెల సిటీ కౌన్సిల్లో పబ్లిక్ హియరింగ్. మనిషికి మూడు నిమిషాలట. ఇంగ్లీషు అర్థమవుతుంది గానీ అంతమంది ముందు మాట్లాడలేను. తెలుగులో మాట్లాడనిస్తారా? ఈ సంగతి తలుచుకుంటేనే కోపం, ఏడుపు రెండూ వస్తున్నాయి. శాంతంగా, గట్టిగా ఎలా చెప్పాలో రాసి పెట్టగలరా?

జవాబు: అమ్మా, నమస్కారం. మీరు తెలుగులోనే మాట్లాడండి. టెక్సస్‌లో అందుకు చట్టం ఉంది.

ఈ రాష్ట్రంలో సిటీ కౌన్సిల్ సమావేశాలు గవర్నమెంట్ కోడ్ 551వ అధ్యాయం కింద జరుగుతాయి. 2019లో చేర్చిన 551.007 సెక్షన్ ప్రకారం, అజెండాలో ఉన్న ఏ అంశం మీదైనా కౌన్సిల్ నిర్ణయం తీసుకునే ముందు ప్రజల్లో ఎవరైనా మాట్లాడవచ్చు. సిటిజన్ అయి ఉండాలని అందులో లేదు. ఎంతసేపు మాట్లాడాలో కౌన్సిల్ పరిమితి పెట్టుకోవచ్చు. అయితే అనువాదకుడి సాయంతో మాట్లాడేవాళ్ళకి మిగతావాళ్ళకి ఇచ్చేదానికి కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలి. అంటే మీకు ఆరు నిమిషాలు. ఒక్క మినహాయింపు ఉంది. మీరు మాట్లాడుతుండగానే హెడ్‌ఫోన్లలో అనువాదం వినిపించే పరికరాలు ఆ సిటీ వాడుతుంటే రెట్టింపు ఇవ్వనక్కర్లేదు. తెలుగుకి అలాంటి ఏర్పాటు చిన్న సిటీల్లో ఉండటం అరుదు. అయినా ముందే సిటీ సెక్రటరీ ఆఫీసుకి ఫోన్ చేయించి, తెలుగులో మాట్లాడతారని, అనువాదకుడిని మీరే తెచ్చుకుంటారని చెప్పి, జవాబు ఈమెయిల్లో తీసుకోండి. ఆ రోజు మైకు ముందు నిలబడ్డాక ఈ సంగతి తేల్చుకోవాలంటే అనవసరమైన టెన్షన్.

అనువాదానికి మీ అబ్బాయిని పెట్టుకోకండి. అతనూ ఆ సిటీలో ఉండేవాడే, అతని మూడు నిమిషాలు అతనికి ఉంటాయి. ఇంగ్లీషు బాగా వచ్చిన పక్కింటి తెలుగువాళ్ళని ఎవరినైనా అడగండి. మీరు ఏం చెబుతారో ముందే ఇంగ్లీషులో రాయించి వాళ్ళ చేతికివ్వండి. మీరు తెలుగులో ఒక పేరా చదివి ఆగాలి, వాళ్ళు ఆ పేరా ఇంగ్లీషులో చదవాలి. అప్పటికప్పుడు అనువాదం చేయమంటే అంకెలు తారుమారవుతాయి, సమయమూ పోతుంది.

మన ఊళ్ళల్లో రోడ్డు విస్తరణ అంటే భూసేకరణ నోటీసు వచ్చాక, భూమి పోయేవాళ్ళు కలెక్టరుకి రాసిచ్చే అభ్యంతరాలే గుర్తొస్తాయి. 2013 చట్టంలో అందుకు 60 రోజుల గడువు ఉంది. ఇక్కడ మీరు వెళ్తున్నది అలాంటి విచారణ కాదు. మీ స్థలం ఒక్క అడుగు పోకపోయినా మీకు మాట్లాడే హక్కు ఉంది. ఆ రాత్రి ఓటు వేసేది కూడా నిర్మాణం మీద కాదు. థరోఫేర్ ప్లాన్ అంటే ఏ రోడ్డు మున్ముందు ఎంత వెడల్పు ఉండాలో సిటీ రాసి పెట్టుకునే పటం. అందులో మీ రోడ్డు పేరు పక్కన ఇప్పుడు రెండు లేన్లని ఉన్న చోట నాలుగు లేన్లని రాస్తారు. ఇది తెలుసుకోవడం ఎందుకంటే, “రోడ్డు వేయొద్దు” అని మీరు అడిగితే “మేం ఇవాళ రోడ్డు వేయడం లేదు కదా” అని వాళ్ళు తేలిగ్గా తప్పించుకుంటారు. వాళ్ళు ఆ రాత్రి నిజంగా చేయగలిగిన పనినే మీరు అడగాలి.

ఏం అడగాలో చెప్పేముందు మీరు పంపిన అంకెలు చూద్దాం. నేను టెక్సస్‌లో ట్రాఫిక్ ఇంజినీరుగా పనిచేశాను, ఇలాంటి హియరింగుల్లో సిటీ స్టాఫ్ పక్కన కూర్చున్నాను. ఆ కుర్చీలోంచి చూస్తే మీ కేసు బలంగానే కనిపిస్తోంది. కానీ అది “ఉన్నది ఉన్నట్టు ఉంచండి” అనే వాదంలో లేదు. రెండు లేన్ల రోడ్డు మీద ఆలస్యం ఎక్కువగా ఎడమకి తిరిగే బళ్ళ వల్ల వస్తుంది. ఒక కారు ఎదురు బళ్ళు పోయేదాకా ఆగితే దాని వెనక వరస మొత్తం ఆగుతుంది. మధ్యలో ఎడమ మలుపుల కోసం ఒకే ఒక్క లేన్ వేస్తే ఆగే కారు అందులోకి తప్పుకుంటుంది, మిగతా బళ్ళు సాగిపోతాయి. అటొకటి, ఇటొకటి, మధ్యలో మలుపు లేన్, మొత్తం మూడు. రోజుకి దాదాపు 20,000 బళ్ళ వరకు తిరిగే నాలుగు లేన్ల రోడ్లని మూడు లేన్లకి తగ్గించే ఆలోచన చేయవచ్చని ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ మార్గదర్శకాలే చెబుతాయి. మీ రోడ్డు మీద ఉన్నవి 11,800. ఇరవై ఏళ్ళ తరవాతి అంచనా కూడా 14,000 మాత్రమే.

ఇక్కడ ఒక జాగ్రత్త. రోజు మొత్తం లెక్క కన్నా రద్దీ గంటలో ఒక దిశలో పోయే బళ్ళ లెక్క ముఖ్యం. అది 750 లోపు ఉంటే మూడు లేన్లు సాధారణంగా సరిపోతాయి, 750 నుంచి 875 మధ్య ఉంటే జాగ్రత్తగా పరిశీలించాలి, 875 దాటితే కష్టం. ఇదే మేం వాడే కొలబద్ద. రోజు మొత్తంలో పదో వంతు రద్దీ గంటలో పోతాయని, అందులో 60 శాతం ఒకే వైపు ఉంటాయని అనుకుంటే మీ రోడ్డుకి ఇప్పుడు 708 వస్తుంది, ఇరవై ఏళ్ళకి 840. ఇది నా ఉజ్జాయింపు. అసలు అంకె రిపోర్టు చివర పట్టికల్లో ఉంటుంది, మీ అబ్బాయితో వెతికించండి. అది 875 దాటి ఉంటే మూడు లేన్ల వాదం వదిలేసి, స్కూలు దగ్గర సురక్షితమైన క్రాసింగ్ ఒక్కటే అడగండి. నా లెక్కకి దగ్గరగా ఉంటే మాత్రం మూడు లేన్లు ఇవాళ్టికి బాగా సరిపోతాయి, ఇరవై ఏళ్ళకి పరిశీలించదగ్గవి. ఆ రెండో సగాన్ని దాచకండి. “ముందుముందు రద్దీ పెరిగితే అప్పుడు మళ్ళీ చూడండి, స్థలం ఎలాగూ ఉంటుంది” అని మీరే అంటే స్టాఫ్ దగ్గర చెప్పడానికి పెద్దగా ఏమీ మిగలదు.

ఇక మీకే సొంతమైన విషయం, రోడ్డు దాటడం. ఇప్పుడు మీరు దాటేది 24 అడుగులు. ప్రతిపాదన ప్రకారం 24, 16, 24 కలిపి 64 అడుగులు. మధ్యలో మీడియన్ ఉంది కదా, అక్కడ ఆగొచ్చు అని ఇంజినీరు అంటారు. అది నిజమే, కాదనకండి. కానీ మీడియన్ చేరేలోపు ఒకే దిశలో పోయే రెండు లేన్లు దాటాలి, అసలు ప్రమాదం అక్కడే. దగ్గరి లేన్‌లో ఒక కారు మీకోసం ఆగుతుంది. ఆగిన కారు అడ్డు రావడంతో పక్క లేన్‌లో వచ్చే డ్రైవరుకి మీరు కనబడరు, మీకు అతను కనబడడు. ఏడేళ్ళ పిల్ల ఎత్తుకి ఆ కారు బానెట్టే గోడ. మూడు లేన్ల రోడ్డులో మధ్య లేన్‌లో ఒక చోట చిన్న ఐలాండ్ కడితే మీరు ఒక్కసారికి ఒక్క లేనే దాటుతారు. 12 అడుగులు నడిచి, ఆగి, చూసుకుని, మళ్ళీ 12 అడుగులు. ఈ తేడా గదిలో ఉన్న ప్రతివాళ్ళకీ బొమ్మ లేకుండానే అర్థమవుతుంది.

మీ నడక మీరే కొలుచుకోండి. ఇంటి ముందు సైడ్‌వాక్ మీద టేపుతో 24 అడుగులు గుర్తు పెట్టి, మనవరాలి చెయ్యి పట్టుకుని మామూలుగా నడవండి, ఎవరైనా ఫోన్లో సెకన్లు చూస్తారు. సిగ్నల్ టైమింగుకి మామూలుగా తీసుకునేది సెకనుకి మూడున్నర అడుగులు. మీరు బహుశా మూడు అడుగుల దగ్గర ఉంటారు. అప్పుడు 24 అడుగులకి 8 సెకన్లు, 64 అడుగులకి 21 సెకన్లు. కింద నేను ఆ అంకెలే వేశాను, మీ కొలత వచ్చాక మార్చుకోండి. సొంతంగా కొలిచిన అంకెని ఎవరూ కొట్టిపారేయలేరు.

ఇదీ మీ మాట:

“మేయర్ గారికి, కౌన్సిల్ సభ్యులకి నమస్కారం. నా పేరు ఫలానా, ఫలానా వీధిలో ఉంటాను. ఈ రోడ్డుని నాలుగు లేన్లుగా మార్చే ప్రతిపాదనని నేను వ్యతిరేకిస్తున్నాను. ఇవాళ ఓటు వాయిదా వేసి, మూడు లేన్ల రోడ్డుని కూడా పరిశీలించి రమ్మని స్టాఫ్‌ని ఆదేశించాలని కోరుతున్నాను.

స్కూలున్న రోజుల్లో నేను, నా మనవరాలు ఈ రోడ్డు నడిచి దాటుతాం. తనకి ఏడేళ్ళు. ఇప్పుడు మేం దాటేది 24 అడుగులు. మా నడకకి 8 సెకన్లు పడుతుంది. మీ ముందున్న నక్షాలో అది 64 అడుగులు, 21 సెకన్లు. మధ్యలో మీడియన్ ఉందని నాకు తెలుసు. కానీ దాన్ని చేరేలోపు ఒకే వైపు పోయే రెండు లేన్లు దాటాలి. మొదటి కారు మాకోసం ఆగినా, దాని పక్క నుంచి వచ్చే రెండో కారుకి మా పిల్ల కనబడదు.

రోజుకి 11,800 బళ్ళు తిరుగుతున్నాయని, ఇరవై ఏళ్ళకి 14,000 అవుతాయని సిటీ రిపోర్టు చెబుతోంది. రోజుకి 20,000 బళ్ళ వరకు ఉన్న రోడ్లకి మూడు లేన్లు ఆలోచించవచ్చని ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ చెబుతోంది. అటొక లేను, ఇటొక లేను, మధ్యలో ఎడమకి తిరిగేవాళ్ళకి ఒకటి. స్కూలు దగ్గర ఆ మధ్య లేన్‌లో ఒక ఐలాండ్ కడితే మేం ఒక్కసారికి ఒక్క లేన్ మాత్రమే దాటుతాం. ఈ ప్రత్యామ్నాయం రిపోర్టులో నాకు కనబడలేదు.

రద్దీ నిజమేనని నాకు తెలుసు. ఈ దారిన ఆఫీసుకి వెళ్ళేవాళ్ళలో మా అబ్బాయి కూడా ఉన్నాడు. రోడ్డుని ఏమీ చేయవద్దని నేను అడగడం లేదు. ముందుముందు రద్దీ అంచనా దాటితే మళ్ళీ పరిశీలించండి. మూడు లేన్లని చూడకుండా నాలుగు లేన్లకి ఓటు వేయవద్దని అడుగుతున్నాను.

నా కోరిక మరోసారి చెబుతాను. ఓటు వాయిదా వేయండి. మూడు లేన్లు, స్కూలు దగ్గర ఐలాండుతో క్రాసింగ్, ఈ రెండింటి మీద స్టాఫ్ నుంచి రిపోర్టు తెప్పించండి. ఆ రిపోర్టు వచ్చిన రోజు నేను మళ్ళీ వచ్చి వింటాను. విన్నందుకు కృతజ్ఞతలు.”

“రిపోర్టులో నాకు కనబడలేదు” అనే వాక్యం రిపోర్టు మొత్తం చూశాకే ఉంచండి. ఎక్కడైనా ఒక పేరాలో మూడు లేన్లని పరిశీలించి వద్దనుకున్నట్టు ఉంటే, ఆ కారణం ఏమిటో చదివి, దానికి జవాబు పెట్టుకోండి.

దీన్ని గడియారం పెట్టుకుని చదవండి. మీ వంతు రెండున్నర నిమిషాల్లో అయిపోవాలి, అనువాదం కూడా అంతే. ఎక్కువైతే వేగం పెంచకండి, వాక్యాలు తీసేయండి. ముందుగా రద్దీ పేరాలో అబ్బాయి గురించిన మాట తీసేయొచ్చు. మొదటి పేరా, చివరి పేరా మాత్రం ముట్టుకోవద్దు. కోరిక మొదట్లోనే ఎందుకు పెట్టానంటే, మధ్యలో గొంతు పూడుకుపోయినా, టైమర్ ఎర్రలైటు వెలిగినా మీరు అడగాల్సింది అప్పటికే రికార్డులోకి ఎక్కి ఉంటుంది.

కోపం గురించి అడిగారు. కౌన్సిల్‌ని విమర్శించడం కూడా మీ హక్కే. ఆ 551.007 సెక్షనే ప్రజల విమర్శని నిషేధించకూడదంటుంది. కాబట్టి ఎవరో ఆపుతారని శాంతంగా ఉండక్కర్లేదు. నేను చూసినంతలో, మాట్లాడేవాళ్ళు మనుషుల గురించి చెప్పడం మొదలుపెట్టగానే సభ్యులు కాగితాల్లోకి తల దించుకుంటారు, రోడ్డు గురించి చెబుతున్నంతసేపు వింటారు. ఇంట్లో పైకి చదివేటప్పుడు ఏ వాక్యం దగ్గర గొంతు మారుతుందో గమనించండి. చాలావరకు అది “మీకు పిల్లలంటే లెక్కలేదు”, “బిల్డర్ల కోసమే ఇదంతా” లాంటి వాక్యమై ఉంటుంది. దాన్ని తీసేసి అక్కడ ఒక కొలత పెట్టండి. ఏడుపొస్తే ఆగండి, మంచినీళ్ళు తాగండి. మీ దగ్గర సమయం ఉంది. అప్పటికీ చదవలేకపోతే కాగితం అనువాదకుడి చేతిలో ఉంది కదా, మిగతాది ఇంగ్లీషులో చదివేయమని సైగ చేయండి.

మీ బంధువులో స్నేహితులో హ్యూస్టన్ కేటీ ఫ్రీవే సంగతి చెప్పమంటారు. 2008లో విస్తరణ పూర్తయి, సర్వీసు రోడ్లతో కలిపి కొన్నిచోట్ల 26 లేన్లైనా, కొన్నేళ్ళకే రద్దీ వేళల ప్రయాణ సమయం మళ్ళీ పెరిగిన రోడ్డు అది. ఉదాహరణ నిజమే, కానీ మీ మూడు నిమిషాల్లో దానికి చోటివ్వకండి. అది మహానగరపు ఫ్రీవే, మీది స్కూలు పక్క రోడ్డు. “రెండింటికీ పోలికేమిటి” అని ఒక్క సభ్యుడు అనుకున్నా మిగతా మాటల బరువు తగ్గుతుంది. అలాగే నాలుగు లేన్లని మూడు చేస్తే ప్రమాదాలు 19 నుంచి 47 శాతం తగ్గాయన్న అంకె మీకు ఎదురవుతుంది. అది మధ్యలో డివైడర్ లేని నాలుగు లేన్ల రోడ్లకి సంబంధించింది. మీ దగ్గర ప్రతిపాదించింది డివైడర్ ఉన్న రోడ్డు. స్టాఫ్ ఇంజినీరు ఆ తేడా ఎత్తి చూపిస్తే మీరు ఇబ్బంది పడతారు. ఇంటి ధరల ఊసు కూడా వద్దు. అది న్యాయమైన బాధే కావచ్చు, కానీ అది ఎత్తగానే పిల్లల గురించి చెప్పింది వెనక్కి పోతుంది.

మీ వీధివాళ్ళు కూడా వస్తామంటే అందరూ ఇవే మాటలు చెప్పకూడదు. దాటడం గురించి మీరు చెప్పండి, రద్దీ గంట అంకెలు మీ అబ్బాయి చెప్పాలి. స్కూలు క్రాసింగ్ గార్డు ఒప్పుకుంటే వాళ్ళు చూసిన సంగతులు చెప్పడం ఎంతో మేలు. హియరింగుకి ముందే మీ మాటల ఇంగ్లీషు కాపీ సిటీ సెక్రటరీకి ఈమెయిల్ చేసి, రికార్డులో చేర్చమని రాయండి. ఆ సాయంత్రం త్వరగా వెళ్ళి స్పీకర్ కార్డు నింపండి. “అనువాదకుడితో” అని కార్డు మీదే రాయండి. మైకు దగ్గర మేయర్ వైపే చూసి మాట్లాడండి, వెనక జనం వైపు తిరగకండి. మీరు ముగించాక కౌన్సిల్ ఏమీ అనకపోవచ్చు, ఒక్క ప్రశ్నా వేయకపోవచ్చు. అది అగౌరవం కాదు. వక్తలందరూ అయ్యాక వాళ్ళలో వాళ్ళు చర్చించుకుంటారు, అప్పటిదాకా కూర్చోండి. ఎవరైనా మూడు లేన్ల మాట ఎత్తితే ఆ సభ్యుడి పేరు రాసుకోండి. మర్నాడు కృతజ్ఞతలతో ఈమెయిల్ రాయాల్సింది వాళ్ళకే.

ఓటు మీకు వ్యతిరేకంగా పడొచ్చు కూడా. అప్పటికీ పటం మీద గీత మారిందంతే. డిజైన్ కాంట్రాక్టుకి, స్థలం కొనడానికి, నిర్మాణ బడ్జెట్‌కి విడివిడిగా మళ్ళీ కౌన్సిల్ ముందుకు రావాలి. అజెండాలోకి వచ్చిన ప్రతిసారీ మీకు ఇదే హక్కు, ఇదే రెట్టింపు సమయం. డిజైన్ మొదలైందని తెలియగానే ఇంజినీరింగ్ విభాగానికి రాసి 30 శాతం పూర్తయిన నక్షాలు చూపించమని అడగండి. స్కూలు దగ్గర క్రాసింగ్ ఎక్కడ ఉందో, ఎర్రలైటుతో బళ్ళని ఆపే హాక్ సిగ్నల్ పెట్టారో లేదో అందులో తెలిసిపోతుంది. నక్షాలు 90 శాతానికి వచ్చాక ఆ గీతలు జరపడం చాలా కష్టం. కాబట్టి నాలుగు లేన్లే ఖాయమైతే అప్పుడు మీరు పట్టుబట్టాల్సింది ఆ 30 శాతం దశలోనే.